పడవక్క మీద కోపం

వదిన వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ మరదలికి ఇల్లంతా సర్దడం ఒక ఎత్తు, పడకగది కిటికీ గట్టు మీదున్న ఆ లావుపాటి నవల ఒక ఎత్తు అయిపోయింది. దుప్పట్లు ఉతికి ఆరేసింది. వంటగది అరలు తుడిచి కొత్త కాగితాలు పరిచింది. చివరికి ఆ గట్టు దగ్గరికి వచ్చేసరికి తడిగుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నవల అట్ట మీద నీళ్ళ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. దాని మీద ఫోను ఛార్జర్ వైరు చుట్ట చుట్టుకుని పడుంది. పుస్తకానికి సరిగ్గా నడుములో ఆమె పెట్టుకున్న గుర్తు, తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు తుడిచే పసుప్పచ్చ గుడ్డముక్క, నాలిక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టు వేలాడుతోంది.

వదినంటే వాళ్ళాయనకు స్వయానా అక్క. బడిలో లెక్కలు చెప్పి, కిందటేడు ఉద్యోగం చాలించి, బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. మామూలుగా అయితే వదినామరదళ్ళు ఒక పంచన చేరితే ఏం జరుగుతుందని లోకం అనుకుంటుందో మనకు తెలుసు. వీళ్ళిద్దరికీ అది కుదరలేదు పాపం. పెళ్ళయిన కొత్తలో ఒకే పుస్తకం కోసం ఇద్దరూ చెయ్యి చాపడంతో మొదలైన స్నేహం. అప్పట్నుంచీ వదిన చదివింది మరదలికి, మరదలు చదివింది వదినకు. ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుంటే కాఫీలు చల్లారేదాకా ఆ కథలో మనుషుల్ని, సొంత చుట్టాల్ని తిట్టినట్టు తిట్టుకునేవాళ్ళు.

ఈ నవల ఇచ్చాక మొదటి నెలల్లో వదిన ప్రతి ఆదివారమూ "ఎక్కడిదాకా వచ్చావ్?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఇప్పుడు ఫోన్లో ఎండలు, వానలు, మోకాళ్ళ నొప్పులు, గ్యాసు బండ వచ్చిందా లేదా. ఫోను పెట్టేశాక మరదలికి ఏదో చప్పిడి తిండి తిన్నట్టుండేది. ఆ ఆదివారాలు ఆమెకు కావాలి. నవల మాత్రం అక్కర్లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుడ్డ పక్కన పడేసి మంచం మీద కూర్చుని, గుర్తు పెట్టిన పేజీ తెరిచింది. మూడు వాక్యాలు చదివింది. ఎవరో గుమాస్తా ఎవరికో తాళాలు ఇస్తున్నాడు. ఏ గుమాస్తా? ఏ తాళాలు? అక్కడ రాసిన 'పెద్దాయన' అంటే చచ్చిపోయిన తండ్రా, వంతెన కట్టించే కాంట్రాక్టరా? తెలియని వాళ్ళ పెళ్ళిలో పంక్తి మధ్యలో కూర్చున్నట్టనిపించింది. పోనీ అని మొదటి పేజీకి వెళ్ళింది. అక్కడేమో అంతా తెలిసిందే. నది, రేవు, తండ్రి వదిలిపోయిన మోటారు పడవ, దాన్ని నడిపే అక్కా తమ్ముడూ. అక్కకు మరదలు అప్పుడే 'పడవక్క' అని పేరు పెట్టుకుంది. తమ్ముణ్ణి 'చిన్నోడు' అనుకుంది. ప్రతి పేరాకీ "ఇది నాకు తెలుసుగా" అనుకుంటూ పది పేజీలు తిప్పి, ఆవలించి, మూసేసింది.

"ఇంకా దాంతోనే కుస్తీ పడుతున్నావా?" అన్నాడు ఆయన, తువ్వాలు కోసం వచ్చి. "సినిమా నచ్చక మధ్యలో లేచి వచ్చేస్తే మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్తామా ఏంటి?"

"మీ అక్క ఇచ్చిన పుస్తకం."

"అక్కేమీ పరీక్ష పెట్టదు. అలవాటు కొద్దీ పెట్టినా నిన్ను ఫెయిల్ చెయ్యదు, నన్నే చేస్తుంది."

ఆ సాయంత్రమే వదిన దిగింది. చేతిలో ఒక సంచి, భుజానికి ఒక సంచి. చెప్పులు విప్పి, నీళ్ళు తాగి, తమ్ముడి పొట్ట చూసి "ఇదెప్పుడు పెట్టావురా?" అని అడిగి, గదిలో సంచి పెట్టడానికి వెళ్ళింది. మరదలు వెనకే వెళ్ళింది. వదిన చూపు తిన్నగా కిటికీ గట్టు మీదికే పోయింది. పుస్తకం చేతిలోకి తీసుకుని, మరక మీద బొటనవేలితో రాసి, పక్కనుంచి దాని అంచు చూసింది. నడుములో పసుప్పచ్చ గుడ్డ. చివర్లో, వెనక అట్టకు కాస్త ముందు, నీలం రంగు బస్సు టిక్కెట్టు మొన ఒకటి బయటికి కనిపిస్తోంది. వదిన ఆ టిక్కెట్టును వేలితో లోపలికి నెట్టి, పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేసింది.

"టీ పెడతావా, నన్ను పెట్టమంటావా?" అంది అంతే.

మరదలికి ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు పొద్దున షాపుకు వెళ్ళడానికి ఇంకా టైముంది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. వదిన ఒక్కో కాయనూ రెండు కొసలా తుంచి, నార లాగి, ఒకే కొలతలో విరుస్తుంది. లెక్కల టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

మరదలే కదిపింది. "వదినా, ఆ పుస్తకం సగంలో వదిలేశాను."

"చూశాను."

"మళ్ళీ మొదలు పెట్టాలా వద్దా అని."

"పెట్టకపోతే కొంప మునగదు. వదిలేసినవి నా దగ్గర ఒక అరకు సరిపడా ఉన్నాయి. కానీ ఎందుకు వదిలేశావో అది తేల్చుకో ముందు. విసుగొచ్చిందా, తీరిక లేకా, కోపమొచ్చిందా?"

"అంత తేడా ఉందా?"

"లేకేం. విసుగొస్తే వదిలెయ్యి, మళ్ళీ చూడకు. తీరిక లేక వదిలేస్తే కాస్త వెనక్కి వెళ్ళి అందుకోవచ్చు. కోపమొచ్చి వదిలేశావంటే మాత్రం ఆ పుస్తకం నీలో ఇంకా బతికే ఉందన్నమాట."

మరదలు చేతిలో కాయను విరవకుండా ఆలోచించింది. విసుగు నిజమే. రెండు పేజీలు చదివేసరికి కళ్ళు మూతలు పడేవి. మధ్యలో ఆ రచయిత చెయ్యి బరువెక్కిందనుకుంది. ఒకే పేరా రెండుసార్లు మూడుసార్లు చదవాల్సి వచ్చేది. కానీ వదిలేసిన రోజు సంగతి వేరు.

"కోపమే," అంది. "ఆ పడవక్క మీద. తమ్ముడు అవతలి ఒడ్డుకు పోయినప్పుడు చూసి, అతనికి చెప్పాపెట్టకుండా పడవ అమ్మేసింది. వాడొచ్చేసరికి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పడవ మీద పేరు చెరిపేసి రంగు వేస్తుంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది వదినా. పన్నెండేళ్ళు చుక్కాని పట్టుకున్నవాడు వాడు. వాడికో మాట చెప్పక్కర్లేదా?"

వదిన ఇంకో కాయ కొస తుంచింది. "చెప్పాపెట్టకుండా అని రాసి ఉందా?"

"రాసే ఉందిగా. చెప్పకుండానే అమ్మింది."

"నువ్వు చెప్పేదీ నాకు గుర్తున్నదీ ఒకటిగా లేదు," అంది వదిన. "నేను చెప్పను. నువ్వే చూసుకో. చూడాలనుంటేనే."

"పోనీ చివరికి చిన్నోడు ఏమవుతాడో చెప్పు. బాగుపడతాడంటే చదువుతాను."

"ఏమవుతాడో మరి," అంది వదిన, కత్తిపీట కోసం లేస్తూ. మరదలు అది వేళాకోళం అనుకుంది.

తర్వాత వదిన, పిల్లలకు హోంవర్కు చెప్పినట్టు, నవల్లోకి తిరిగి దిగే పద్ధతి చెప్పింది. గుర్తు పెట్టిన పేజీలో దిగకు, అక్కడ లోతు. మొదట్నుంచీ నడుచుకుంటూ రాకు, విసుగొస్తుంది. గుర్తు దగ్గర్నుంచి వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళు. నీకు కళ్ళు మూసుకున్నా కనిపించే ఘట్టం ఒకటి తగులుతుంది. అక్కడ ఆగు. అక్కణ్ణుంచి చదువు. మనుషులు కలిసిపోతుంటే చీటీ మీద ఎవరికి ఎవరేమవుతారో రాసుకో, అందర్నీ కాదు, తికమక పెట్టేవాళ్ళనే. మొదటిసారి కూర్చున్నప్పుడు రెండు పేజీలు చదివి లేవకు, గంట కూర్చో. ముందు ఓ ఇరవై పేజీలు కొత్త చెప్పులు కరిచినట్టే ఉంటుంది, అప్పుడే తీర్పు చెప్పకు. రెండు అధ్యాయాలయ్యాక కూడా పట్టకపోతే మూసేసి హాయిగా నిద్రపో, నీకే పాపమూ అంటదు.

"ఇంత తతంగముందా," అంది మరదలు.

"షాపుకొచ్చినవాళ్ళకి నువ్వు కళ్ళజోడు నంబరు ఎలా చూస్తావు? ఒక్క అద్దం పెట్టి పంపేస్తావా?"

ఆ సాయంత్రం మరదలు తు.చ. తప్పకుండా అలాగే చేసింది. మంచం మీద దిండు నిలబెట్టి ఆనుకుని, పక్కన దీపం వేసుకుని, పసుపు గుడ్డ దగ్గర్నుంచి వెనక్కి తిప్పింది. రేవులో తగువు, కాదు. కాంట్రాక్టరు ఇంట్లో భోజనం, కొంచెం. పొగమంచు. ఆ, ఇది. నది మధ్యలో పొగమంచు కమ్మేసి పడవ ఆగిపోతుంది. చిన్నోడు ముందు నిలబడి చేత్తో గంట కొడుతుంటాడు, ఎదురుగా ఇంకో పడవ వస్తే వినపడాలని. పడవక్క తన శాలువా తీసి ఎవరి బిడ్డకో చుడుతుంది. మరదలికి ఆ గంట చప్పుడు కూడా వినిపించింది. మొదలు పెట్టింది. మొదటి పేజీ బాగానే నడిచింది. రెండో పేజీలో అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చేతులేసుకున్నాయి. పుస్తకాన్ని కాస్త దూరం జరిపింది. నుదురు రుద్దుకుంది. చదివిన వరసే మళ్ళీ చదివింది. మూడో పేజీకి పుస్తకం ఛాతీ మీద వాలింది.

ఆయన వచ్చి దీపం ఆర్పబోతుంటే మెలకువ వచ్చింది. లేచి హాల్లోకి వెళ్ళింది. వదిన గళ్ళనుడికట్టు నింపుకుంటోంది.

"నావల్ల కాదు వదినా. నువ్వు చెప్పినట్టే చేశాను, ఆ పొగమంచు కూడా నిద్రపుచ్చింది. కోపమూ కాదు ఏమీ కాదు, నాకు విసుగే. నీ పుస్తకం నువ్వు తీసుకెళ్ళిపో."

వదిన పెన్ను మూత పెట్టింది. అందుకుంటూ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది. "సరేలే. దీనికేముంది," అంది. లేచి వెళ్ళి తన సంచి జిప్పు తీసి, మడతపెట్టిన చీరల కింద అడుక్కి పెట్టింది. ఆ జిప్పు చప్పుడు మరదలు నిలబడి విన్నది. ఇలా తేలిపోతే తేలికపడతాననుకుంది. తేలికపడలేదు, దిగులేసింది.

శుక్రవారం షాపులో గిరాకీ పల్చగా ఉంది. కళ్ళజోళ్ళ షాపంటే బయటినుంచి చూసేవాళ్ళకు ఫ్రేముల వరసలే కనిపిస్తాయి. అసలు పని వెనక గదిలో. అక్కడ చీకటి, ఎత్తు కుర్చీ, గోడ మీద అక్షరాల బోర్డు, గుండ్రటి అద్దాలు పేర్చిన ట్రే. పద్దెనిమిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళ మొహాల ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం మరదలి పని.

పదకొండింటికి ఎదురు వీధి దర్జీ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే మొదలెట్టాడు.

"నాకు కళ్ళకేం లేదమ్మా. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను. అసలు సంగతేంటంటే, సూదులు చేసేవాళ్ళు మోసం చేస్తున్నారు. బెజ్జాలు చిన్నవి చేసేశారు. ఇదివరకు ఇట్టే ఎక్కేది దారం."

"దారం కూడా లావు చేశారేమో," అంది మరదలు నవ్వాపుకుంటూ.

"చేశారమ్మా, నిజం. ఇద్దరూ కలిసి చేసిన పనే ఇది."

దూరం బోర్డు చూపించింది. కింది వరసదాకా గడగడా చదివేశాడు. చూశావా అన్నట్టు తలెగరేశాడు. అప్పుడు దగ్గర చదివే అట్ట చేతికిచ్చింది. అలవాటుగా దాన్ని దగ్గర పట్టుకున్నాడు. ఓ క్షణం చూసి, తనకు తెలియకుండానే అట్టను ముందుకు జరిపాడు. ఇంకా జరిపాడు. చెయ్యి పూర్తిగా చాచేశాడు.

"ఎన్నేళ్ళు మీకు?"

"నలభై నాలుగు నిండాయి."

"అందరికీ వచ్చేదే. కంట్లో ఉన్న అద్దం వయసుతో గట్టిపడుతుంది. దూరానివి బాగానే ఉంటాయి. దగ్గరివి పట్టుకోవాలంటే కన్ను కష్టపడాలి. పొద్దునపూట ఫరవాలేదనిపిస్తుంది. సాయంత్రం, దీపం కింద, రెండు నిమిషాలకే అలిసిపోతుంది. అక్షరాలు అల్లుకుపోతాయి, నుదురు లాగుతుంది. నిద్ర ముంచుకొస్తుంది. వరస తప్పి కింది వరసలోకి జారిపోతాం. చాలామంది ఏమనుకుంటారంటే..."

మరదలి నోరు అక్కడ ఆగిపోయింది. చాలామంది ఏమనుకుంటారో ఆమె రోజుకు నలుగురికి చెప్తుంది. పుస్తకం బాగాలేదనుకుంటారు. పేపరువాళ్ళు అచ్చు పాడు చేశారనుకుంటారు. సూదులవాళ్ళు మోసం చేశారనుకుంటారు.

"ఏమనుకుంటారమ్మా?" అన్నాడు దర్జీ.

"మీరనుకున్నట్టే," అంది మరదలు. అతని మొహానికి ట్రయల్ ఫ్రేము తగిలించి, అద్దాలు వేసి, జేబులోంచి అతని సూదే తీయించింది. దారం మొదటిసారికే ఎక్కింది. అతను సూదిని పైకెత్తి, దీపం వైపు తిప్పి, కాసేపు దాన్ని గౌరవంగా చూశాడు.

అతను వెళ్ళాక మరదలు వెనక గది తలుపు దగ్గరగా వేసింది. ఎత్తు కుర్చీలో తనే కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలోంచి గది ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. అట్ట తీసుకుంది. ఆమెకు ఆ అట్ట కంఠతా వచ్చు, అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. చూస్తున్నాననుకుని అప్పజెప్తోంది. ఈసారి దాన్ని పక్కన పెట్టి, కళ్ళలో వేసే చుక్కల మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం విప్పింది. చిన్న అచ్చు. చీమల బారు కనిపించింది. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది, అచ్చం దర్జీ చెయ్యిలాగే. ట్రయల్ ఫ్రేము పెట్టుకుని ఒకటిం పావు నంబరు అద్దాలు జార్చింది. చీమలు విడివిడిగా నిలబడ్డాయి. ఏ మందు ఎక్కువైతే ఏమవుతుందో అంతా శుభ్రంగా కనిపించింది.

కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నవ్వుతుంటేనే కాస్త ఏడుపు కూడా వచ్చింది. ఊరందరి కళ్ళూ చూసే మనిషి, తన కంటి నేరం తీసుకెళ్ళి ఎవరో రచయిత నెత్తిన రుద్దింది.

ఓనరు పెద్దాయన ఫ్రేములు తుడుస్తున్నాడు. "కాస్త నా కనుపాపల దూరం కొలవండి," అంటూ స్కేలు ఇచ్చింది. ఆయన స్కేలు ఆమె ముక్కు మీద ఆనించి, ఒక కన్ను మూసి కొలుస్తూ, "నువ్వే ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా. బిల్లులు చూసేటప్పుడు ఈ మధ్య కొంగలా మెడ వెనక్కి లాగుతున్నావు," అన్నాడు.

"మరి చెప్పొచ్చుగా."

"ఆడవాళ్ళతో ఆ వయసు మాట నేనెత్తను."

మధ్యాహ్నం తన అద్దాలు తనే కోసుకుంది. సన్నటి గోధుమరంగు ఫ్రేము ఏరుకుంది. లెన్సు మధ్యన చుక్క పెట్టి, మిషనుకు బిగించి, నీళ్ళు చిమ్ముతుంటే అంచు అరిగే చప్పుడు వింటూ నిలబడింది. అంచును చేత్తో రుద్ది, గాడిలో కూర్చోబెట్టి, వేడిగాలి పట్టి చెవుల దగ్గర వంపు సరిచేసింది. పసుపు గుడ్డతో తుడిచింది. ఆ గుడ్డ చూడగానే ఇంటికి వెళ్ళాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి వదిన బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. మరదలు చెప్పులు కూడా సరిగా విప్పకుండా గదిలోకి పోయి, వదిన సంచి జిప్పు లాగి, చీరల కిందనుంచి పుస్తకం తీసుకుంది. బట్టల మోపుతో గుమ్మంలోకి వచ్చిన వదిన ఆమె మొహం మీద కళ్ళజోడు చూసి ఆగిపోయింది.

"ఇదెప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి. నవ్వకు వదినా."

వదిన నవ్వలేదు. బట్టలు మంచం మీద పడేసి మరదలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "టీచరమ్మలా ఉన్నావు," అంది. అప్పుడు నవ్వింది.

ఆ సాయంత్రం వంట వదిన, తమ్ముడు కలిసి చేశారు. అంటే వదిన చేసింది, తమ్ముడు ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాడు. మరదలు పొగమంచు దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టింది. చీటీ ముక్క మీద గుమాస్తా, కాంట్రాక్టరు, కాంట్రాక్టరు బావమరిది, ఈ ముగ్గురి పేర్లూ రాసి పక్కన పెట్టుకుంది. వదిన చెప్పినట్టే కొన్ని పేజీలు కరిచాయి. భోజనాలకు పిలిచేసరికి ఎన్ని పేజీలయ్యాయో చూసుకోలేదు.

శనివారం మరదలికి సెలవు. బాల్కనీలో కుర్చీ వేసుకుంది. ఎండ ఒళ్ళోకి వచ్చింది, తర్వాత వెళ్ళిపోయింది. పదిన్నర ప్రాంతంలో, పడవ అమ్మకానికి ముందు వచ్చే అధ్యాయం చివర, ఆమె వేలు ఒక చోట ఆగింది. పేజీ అడుగున, ఎక్కడా విరుపు లేకుండా పోసిన పెద్ద పేరా. వరసగా మూడు వాక్యాలు 'అక్క' అనే మాటతోనే మొదలవుతున్నాయి, ఒకదాని కింద ఒకటి. మొదటి వాక్యంలో అక్క దీపం తగ్గిస్తుంది. మూడో వాక్యంలో అక్క నిద్రపోకుండా నది వైపు చూస్తుంది. ఈ రెండూ మరదలికి బాగా గుర్తే. మధ్యది ఆమె జన్మలో చదవలేదు.

అక్క ఎంతసేపు అడిగినా తమ్ముడు ఒకే మాట అన్నాడు: అమ్మక తప్పదని నాకూ తెలుసు, కానీ నేను చూస్తుండగా వద్దు, నేను అవతలి ఒడ్డున ఉన్న రోజు చూసి అమ్మెయ్, నాకు చెప్పకు.

మరదలు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. మాట మారలేదు. వాడడిగితేనే ఆమె చెప్పలేదు. ఒంటరిగా ఆ పని చేసి, తమ్ముడి కళ్ళముందు దోషిలా నిలబడింది. ఈ మరదలి కళ్ళముందు కూడా, అన్ని నెలలపాటు, గ్లాసు మరక కింద.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. వదిన పొయ్యి గట్టు తుడుస్తోంది.

"వాడే వద్దన్నాడు," అంది మరదలు.

వదిన చెయ్యి ఆగింది. "చూశావా?"

"వరస జారిపోయాను వదినా. ఎన్నేసి మాటలన్నాను ఆమెను. మొన్న కూడా అన్నాను."

"నువ్వన్నావని ఆమెకేం తెలియదులే."

"నాకు తెలుసుగా," అంది మరదలు. కాగితం మనిషి కోసం ఇంతగా బాధపడటం ఎవరైనా చూస్తే నవ్విపోతారు. వదిన నవ్వలేదు. తడిచెయ్యి చీరకు తుడుచుకుని ఆమె భుజం తట్టి, "పో, పోయి చదువుకో. అన్నం నేను పెడతాను," అంది.

ఆ రోజంతా అంతే. ఆయన రెండుసార్లు వచ్చి చూసి, "ఇంట్లో ఉన్నావా, నదిలో ఉన్నావా?" అని వెళ్ళిపోయాడు. వంతెన స్తంభాలు లేచాయి. చిన్నోడు ఆ వంతెన పనిలోనే కూలీగా చేరాడు. పడవక్క రేవులో కొట్టు పెట్టుకుంది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. అవతలి ఒడ్డు దీపాలను ఇద్దరూ వేరువేరు చోట్లనుంచి చూస్తారు. మరదలు మధ్యమధ్య వంటింట్లోకి వచ్చి ఒక్కో సంగతి చెప్పిపోయేది, వదిన "అవునవును" అంటూ తనకు గుర్తున్నది కలిపేది. పాత ఆదివారాలు ఫోను అవసరం లేకుండా ఇంట్లోకి నడిచొచ్చినట్టుంది.

ఆదివారం ఉదయం వదిన సంచి సర్దుకుంటోంది. మధ్యాహ్నం బస్సు. మరదలు బాల్కనీలో పేజీ తిప్పింది. అక్కడ నీలం టిక్కెట్టు ఉంది.

చిన్నోడి చెయ్యి ఇనుపకడ్డీ కింద పడి నలిగిందని రేవులో ఎవరో చెప్తారు. పడవక్క కొట్టు తలుపు వేయకుండానే పరుగెత్తుతుంది. అధ్యాయం అయిపోయింది. టిక్కెట్టు సరిగ్గా అక్కడుంది. ఇంకో నలభై పేజీలున్నాయి. మరదలు టిక్కెట్టు తీసి పక్కన పెట్టి పేజీ తిప్పబోయింది. అప్పుడు గమనించింది. ఇంతవరకూ ప్రతి పేజీ పైమూలా సన్నగా మడత పడి ఉంది, పేజీ తిప్పేటప్పుడు వదిన బొటనవేలితో నొక్కే అలవాటు అది. టిక్కెట్టు తర్వాత ఒక్క మూలా నలగలేదు. పేజీలు ఒకదానికొకటి అంటుకుని కొత్తగా ఉన్నాయి.

టిక్కెట్టు చేతికి తీసుకుంది. వదిన ఊరినుంచి ఇక్కడికి. ఈ పుస్తకం ఇవ్వడానికి వచ్చిన రోజుది. ఆ రోజు వదిన ఏమందో మరదలికి ఇప్పుడు మాటకు మాట గుర్తొచ్చింది. "నువ్వు కూడా చదువు, అప్పుడు మాట్లాడుకుందాం." చదివేశానని అనలేదు. మొన్న "ఏమవుతాడో మరి" అన్నది వేళాకోళమూ కాదు.

గదిలోకి వెళ్ళింది. వదిన చీర మడతపెడుతోంది. మరదలు టిక్కెట్టు మంచం మీద పెట్టింది.

"నువ్వు చివరిదాకా చదవలేదు."

వదిన చీర అంచులు కలుపుతూ, "లేదు," అంది.

"ఇక్కడ ఆపి ఎలా ఉండగలిగావు? వాడి చెయ్యి ఉందో పోయిందో తెలియకుండా?"

"బస్సులో అక్కడిదాకా చదివాను. ఇంకో గంటలో అయిపోతుంది. అయిపోయాక, ఆ ఇంట్లో ఎవరితో చెప్పుకోను? గోడలతోనా? నువ్వు కూడా ఇక్కడిదాకా వస్తే మిగతాది ఇద్దరం కలిసి చదువుదామనుకున్నాను. అందుకే అలాగే నీ చేతిలో పెట్టేశాను."

"ఈ మాట ఒక్కసారి నాతో అనుంటే నేను ఎలాగో అలా చదివేద్దును కదా వదినా. ఇన్ని నెలలు నిన్ను ఆ రేవులో నిలబెట్టేశాను."

"చెప్తే నా కోసం చదివేదానివి. కళ్ళు పొడుచుకుని మరీ చదివేదానివి," అంది వదిన. "నా కోసం చదివితే పడవక్క మీద అంత కోపం తెచ్చుకునేదానివా?"

మరదలు వదిన చేతిలో చీర అందుకుని మడత విప్పేసింది. సంచిలోంచి మిగతా రెండు చీరలూ తీసి మంచం మీద పెట్టింది.

"ఏమే, మధ్యాహ్నం బస్సు నాకు."

"సాయంత్రం ఇంకోటుంది. నలభై పేజీలేగా."

ఇద్దరూ బాల్కనీలోకి వెళ్ళారు. రెండో కుర్చీ పక్కకు జరిపారు. వదిన తన కళ్ళజోడు కోసం తడుముకుంటే మరదలు ఆపింది. "నువ్వు కళ్ళు మూసుకుని విను. నేను చదువుతాను. వరస తప్పను." గోధుమరంగు ఫ్రేము సరిచేసుకుని పుస్తకాన్ని ఒళ్ళో, దగ్గరగా, కుదురుగా పట్టుకుంది. వదిన కుర్చీలో వెనక్కి వాలింది.

మరదలు చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో వదిన ఆమె చెయ్యి పట్టుకుని, "ఆగు, అది మళ్ళీ చదువు," అంది. నాలుగో పేజీలో మరదలే ఆగి, ఇద్దరూ కలిసి గుమాస్తాను చెడామడా తిట్టారు. ఆయన టీ తెచ్చి పెట్టాడు, తాగమని గుర్తు చేశాడు, మళ్ళీ వేడిచేసి తెచ్చాడు, చివరికి తనే తాగేసి అక్కడే గుమ్మంలో కూర్చుని వినసాగాడు.

సాయంత్రం బస్సు కూడా వెళ్ళిపోయింది.